"మైసెల్ఫ్ శ్రావణి" తప్పని తెలిసింది, మరి "బై మైసెల్ఫ్ ఓన్లీ" ఎక్కడ తప్పింది?

శ్రావణి, కాకినాడ

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పోయిన వారం మా కళాశాలలో ఉద్యోగాల ఎంపికకు ముందు నమూనా ఇంటర్వ్యూలు పెట్టారు. నేను వెళ్ళి కూర్చోగానే "ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్" అన్నారు. "మైసెల్ఫ్ శ్రావణి, ఫ్రమ్ కాకినాడ" అని మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న మేడమ్ గారు అక్కడే ఆపి, "ఐ యామ్ శ్రావణి" అనాలని చెప్పారు. అది తప్పని ఒప్పుకుంటున్నాను, ఎందుకు తప్పో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తరువాత జరిగినది. ప్రాజెక్టు ఎవరు చేశారని అడిగితే "ఐ డిడ్ ఇట్ బై మైసెల్ఫ్ ఓన్లీ" అన్నాను. మేడమ్ గారు నివేదిక అట్ట మీద ఉన్న నాలుగు పేర్లు చూపించి, "అయితే మిగిలిన ముగ్గురూ ఏమీ చేయలేదా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. నేను చెప్పదలచుకున్నది వేరు. చాలామంది హైదరాబాదులో డబ్బిచ్చి తయారు ప్రాజెక్టులు కొనుక్కొస్తారు, మేము అలా కొనలేదు, మేమే కూర్చొని చేశాము, అందులో డేటాబేస్ భాగం పూర్తిగా నాది. ఇంటికి వచ్చి వ్యాకరణ పుస్తకం తెరిస్తే "బై మైసెల్ఫ్" సరైన ప్రయోగమనే ఉంది. పుస్తకంలో సరైనది ఇంటర్వ్యూ గదిలో ఎందుకు తప్పయిందో తెలిసినవారు చెప్పగలరా?

తేటతెలుగు

శ్రావణి గారూ, మొదటి తప్పుకు కారణం చాలా సులభం. తెలుగులో "ఉన్నాను" వంటి క్రియ లేకుండానే "నేను శ్రావణి" అని వాక్యం పూర్తవుతుంది. ఆంగ్లంలో మధ్యలో "యామ్" కావాలి. మనం తెలుగు వాక్యాన్ని మాటకు మాట మార్చేస్తాము కనుక ఆ క్రియ జారిపోతుంది. ఇది మన మాతృభాష ప్రభావమే తప్ప మరొకటి కాదు. రెండవ వాక్యంలోని "ఓన్లీ" కూడా అంతే, "నేనే" అనే మాటలోని ఏకారానికి అనువాదం.

విశ్రాంత మాస్టారు, తెనాలి

నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళకు పైగా ఆంగ్లం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. తేటతెలుగు గారు "ఓన్లీ" గురించి చెప్పినది చాలావరకు నిజమే, దానికి తరువాత వస్తాను. మొదటి తప్పు గురించి చెప్పినదానిలో మాత్రం రెండు చోట్ల ఆగవలసి ఉంది.

మొదటిది, తెలుగు వాక్యంలో ఏమీ లేదనడం సరికాదు. మనం "నేను శ్రావణిని" అంటాము, "నువ్వు శ్రావణివి" అంటాము, "మేము విద్యార్థులం" అంటాము. ఆ చివరనున్న "ని", "వి", "ం" లే కర్త ఎవరో చెబుతున్నాయి. ఆంగ్లంలో "యామ్", "ఆర్" చేసే పనిలో సగం మన భాషలో ఆ చిన్న ప్రత్యయాలు చేస్తాయి. పైగా కాదనవలసి వచ్చేసరికి క్రియ పైకే కనబడుతుంది: "నేను శ్రావణిని కాను."

రెండవది, మాటకు మాట మార్చడమే కారణమైతే "నేను" స్థానంలో "ఐ" రావాలి, "ఐ శ్రావణి" అనాలి. అలా ఎవరూ అనరు. "మైసెల్ఫ్" ఎక్కడి నుంచి వచ్చినట్లు? పైగా హిందీలో "మైఁ రవి హూఁ" అని క్రియ స్పష్టంగా ఉంది, అయినా హిందీ మాతృభాషగా ఉన్నవారు కూడా మనంతగానే "మైసెల్ఫ్ రవి" అంటారు. కాబట్టి తెలుగులో క్రియ లేకపోవడం మీద ఈ తప్పును మోపలేము.

ఒక సంగతి గమనించండి. "మైసెల్ఫ్ రవి" అనే మనిషిని ఆకలిగా ఉందా అని అడిగితే "మైసెల్ఫ్ హంగ్రీ" అనడు, "ఐ యామ్ హంగ్రీ" అంటాడు. మీరు సురేష్ కదా అని పొరబాటున పిలిస్తే "ఐ యామ్ నాట్ సురేష్" అంటాడు. అంటే "ఐ యామ్" అతనికి బాగా వచ్చు. పరిచయం మొదలుపెట్టే ఆ ఒక్క క్షణంలోనే "మైసెల్ఫ్" వస్తోంది. వ్యాకరణం రానివాడి తప్పు అన్ని చోట్లా కనబడాలి. ఒక్క చోటే కనబడుతోందంటే అతను ఆ మాటను పలకరింపులాగా, కట్టుగా నేర్చుకున్నాడని అర్థం. ఎక్కడ నేర్చుకున్నాడన్నదే ప్రశ్న. శ్రావణి గారు తన అనుభవంలోనే దానికి ఒక జవాబు రాశారని నాకు అనిపిస్తోంది. ఆమెను అడిగిన మాట "ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్". ప్రశ్నలోని చివరి మాటను అందుకొని జవాబు మొదలుపెట్టడం మనకు బడిలో అలవాటైన పద్ధతి. అందుకున్న మాటను తనకు అన్వయించుకుంటే "యువర్‌సెల్ఫ్" కాస్తా "మైసెల్ఫ్" అవుతుంది.

రమణ, విజయనగరం

మాస్టారికి నమస్కారం. నేను బ్యాంకులో పనిచేశాను. మీరందరూ "సెల్ఫ్" అని రాయడం తప్పంటున్నారు కానీ మా దగ్గర చెక్కు మీద అది రాయడం పూర్తిగా చెల్లుతుంది. ఖాతాదారు తన డబ్బు తానే తీసుకోవాలంటే పేరు రాయవలసిన చోట "సెల్ఫ్" అని రాసి సంతకం పెడితే చాలు. ఏళ్ళ తరబడి అలాంటి చెక్కులకు డబ్బు చెల్లించాను. అలా రాయకూడదని కొత్త నిబంధన ఏదైనా వచ్చిందా? మా మేనల్లుడు మొన్న తన పేరే పూర్తిగా రాసి ఇచ్చాడు.

విశ్రాంత మాస్టారు, తెనాలి

రమణ గారూ, ఇక్కడి చర్చ చెక్కుల గురించి కాదండి, మాటల్లో పరిచయం చేసుకోవడం గురించి. చెక్కు మీద "సెల్ఫ్" రాయడంలో తప్పేమీ లేదు. అయితే మీరు తెచ్చిన ఉదాహరణ నాకు ఇన్నేళ్ళ పాఠాల్లో తట్టనే లేదు, దానితోనే మిగిలినది చెబుతాను.

చెక్కు మీద "సెల్ఫ్" అన్న మాటకు ఎందుకు విలువ వచ్చింది? కింద సంతకం ఉంది కాబట్టి. సంతకం లేని చెక్కు మీద "సెల్ఫ్" అని రాసి మీ కిటికీ దగ్గరికి తెస్తే, ఎవరి సెల్ఫ్ అని అడిగి తిప్పి పంపేవారు కదా. ఆంగ్ల వాక్యంలో "మైసెల్ఫ్" కూడా అంతే. అది సొంతంగా ఎవరినీ చూపించదు, అదే వాక్యంలో ఉన్న "ఐ" వైపు వెనక్కి చూపిస్తుంది. "ఐ కట్ మైసెల్ఫ్" అన్నప్పుడు కోసినదీ నేనే, తెగినదీ నాకే, సంతకమూ పేరూ ఒకరివే. "లెట్ మీ ఇంట్రడ్యూస్ మైసెల్ఫ్" అన్నప్పుడు "మీ" ఉంది, అది సంతకం. "మైసెల్ఫ్ శ్రావణి" అన్నప్పుడు సంతకం లేదు.

తెలుగులో దీనికి దీటైనది "నన్ను నేను", "నాకు నేను" అనే జంట. "నన్ను నేను తిట్టుకున్నాను" అంటాము. అక్కడ "నేను" పక్కనే నిలబడాలి, క్రియలో "కొను" కూడా చేరుతుంది. "నన్ను నేను శ్రావణి" అని ఏ తెలుగువాడూ అనడు. ఆంగ్లంలో ఆ వాక్యం వినేవారి చెవికి దాదాపు అలాగే వినబడుతుందని నా ఉద్దేశం.

వనజ, వరంగల్లు

నేను ప్రాథమిక పాఠశాలలో బోధిస్తాను. మాస్టారు చెప్పిన "అందుకోవడం" గురించి నా దగ్గర ఒక అనుభవం ఉంది. చిన్న తరగతుల్లో పిల్లలకు మొట్టమొదట నేర్పే వ్యాసం పేరే "మైసెల్ఫ్". పలక మీద పైన ఆ శీర్షిక, కింద "మై నేమ్ ఈజ్..." అని వాక్యాలు. తల్లిదండ్రులు ఇంట్లో చుట్టాల ముందు నిలబెట్టి "మైసెల్ఫ్ చెప్పమ్మా" అంటారు. పిల్లవాడు శీర్షికతో సహా గుక్క తిప్పకుండా అప్పజెబుతాడు. శీర్షికకూ మొదటి వాక్యానికీ మధ్య ఉన్న ఖాళీ కాగితం మీద కనబడుతుంది, నోటితో చెప్పేటప్పుడు మిగలదు.

నేను మూడేళ్ళ క్రితం మా తరగతిలో ఆ శీర్షిక తీసేసి "అబౌట్ మీ" అని పెట్టాను. "మైసెల్ఫ్" తగ్గింది. కానీ ఆ సంవత్సరం పాఠశాల వార్షికోత్సవంలో ఇద్దరు పిల్లలు మైకు ముందుకు వచ్చి "అబౌట్ మీ లావణ్య", "అబౌట్ మీ చరణ్" అని మొదలుపెట్టారు. దాంతో శీర్షికే మాటలోకి వస్తోందని నాకు నమ్మకం కుదిరింది. ఇప్పుడు శీర్షిక పెట్టకుండా, ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి ఒకరినొకరు పేరు అడిగి చెప్పుకునేలా చేయిస్తున్నాను.

తేటతెలుగు

వనజ గారి అనుభవం విన్నాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. "శ్రావణిని" అనే ప్రత్యయం సంగతి నాకు తట్టలేదు, అది నా పొరబాటు. అయినా ఒక్క సందేహం. పెద్దవారి ముందు "ఐ" అని మొదలుపెట్టడం కొంత బింకంగా వినబడుతుందని, "మైసెల్ఫ్" అంటే అణకువగా ఉంటుందని అనుకునేవారు నాకు తెలుసు. మా నాన్నగారు ఉత్తరాల్లో "మైసెల్ఫ్ అండ్ మై ఫ్యామిలీ ఆర్ వెల్" అనే రాసేవారు. ఆయన బడి వ్యాసం అప్పజెప్పే వయసువారు కారు. ఆ మర్యాద కోణం కూడా ఉండి ఉండవచ్చు కదా?

విశ్రాంత మాస్టారు, తెనాలి

ఉండవచ్చునండి. దాన్ని కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఒకే అలవాటుకు రెండు మూడు వేర్లు ఉండకూడదని ఏమీ లేదు.

నియామకాల మనిషి, హైదరాబాదు

నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగుల ఎంపిక చూస్తాను. బల్లకు అవతలి వైపు నుంచి ఒక మాట చెబుతాను. "మైసెల్ఫ్ రవి" అన్న కారణంగా నేను ఎవరినీ తిప్పి పంపలేదు, నాతో కూర్చునేవారూ పంపలేదు. ఆ మాట చెవికి తగులుతుంది కానీ దాని అర్థంలో గందరగోళం లేదు, పేరు రవి అని అందరికీ తెలుస్తుంది. విదేశీ ఖాతాదారులతో రోజూ ఫోనులో మాట్లాడవలసిన ఉద్యోగమైతే అప్పుడు గుర్తుపెట్టుకుంటాము.

"బై మైసెల్ఫ్ ఓన్లీ" అలా కాదు. అది అర్థాన్నే మార్చేస్తుంది. మేము ప్రాజెక్టు గురించి అడిగేటప్పుడు రెండు సంగతులు వెతుకుతాము: ఈ అభ్యర్థి నిజంగా చేతులతో పని చేశాడా, నలుగురితో కలిసి చేయగలడా. "బై మైసెల్ఫ్" అని వినగానే ఎవరి తోడూ లేకుండా ఒంటరిగా అని అర్థం చేసుకుంటాము. దాని మీద "ఓన్లీ" చేరితే తోటివారిని గట్టిగా పక్కకు నెడుతున్నట్లు వినబడుతుంది. ఆ తరువాత నివేదిక మీద నాలుగు పేర్లు కనబడితే, అభ్యర్థి అబద్ధమైనా చెబుతున్నాడు, స్నేహితుల పనిని తనదిగా అయినా చూపుతున్నాడు అనిపిస్తుంది. శ్రావణి గారి విషయంలో ఆ రెండూ నిజం కావు. కానీ మాకు ఉండేది ఇరవై నిమిషాలు, ఆ లోపల ఆమె మనసులోని తెలుగు వాక్యం మాకు వినబడదు.

శ్రావణి, కాకినాడ

ఇది చదివాక మేడమ్ గారు అలా ఎందుకు అడిగారో తెలిసింది. నా మనసులో ఉన్న తెలుగు వాక్యం "మేమే చేశామండి, కొనలేదు" అన్నది. అందులో నా వంతు గురించి "అది నేనే చేశాను". దాన్ని ఎలా చెప్పాలి? "ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్" అన్నదానికీ "ఐ డిడ్ ఇట్ బై మైసెల్ఫ్" అన్నదానికీ అంత తేడా ఉందా?

విశ్రాంత మాస్టారు, తెనాలి

ఉందమ్మా. మీ తప్పు పట్టుబడాలంటే ముందు మన "నేనే చేశాను" ను విప్పి చూడాలి, ఎందుకంటే ఆ ఒక్క మాట సందర్భాన్ని బట్టి నాలుగు రకాలుగా పనిచేస్తుంది.

ఈ గాజు ఎవరు పగలగొట్టారని అడిగితే "నేనే" అంటాము. వేరొకరు కాదు, నేను అని దాని భావం. ఇక్కడ ఆంగ్లానికి "మైసెల్ఫ్" అక్కరలేదు. "ఐ డిడ్" అని "ఐ" ని ఒత్తి పలుకుతారు. మనం ఏకారంతో చేసే పనిని వాళ్ళు గొంతుతో చేస్తారు. మన పాఠాల్లో ఈ ఒత్తు ఎవరూ నేర్పరు, కాగితం మీద కనబడదు కాబట్టి. అందుకే ఏకారానికి బదులుగా కంటికి కనబడే మాట కోసం వెతికి "ఓన్లీ" ని పట్టుకుంటాము.

ఈ పచ్చడి కొన్నారా అని అడిగితే "లేదు, నేనే పట్టాను" అంటాము. ఇతరుల చేత చేయించలేదు, స్వయంగా అని భావం. ఇక్కడే "ఐ మేడ్ ఇట్ మైసెల్ఫ్" సరిగ్గా సరిపోతుంది. పక్కన తోడికోడలు ఆవాలు దంచి ఇచ్చినా ఈ మాట అబద్ధం కాదు.

పెళ్ళికి వంట అంతా ఎవరి సాయమూ లేకుండా "నేనొక్కదాన్నే చేశాను" అంటే అది "బై మైసెల్ఫ్". ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు "ఒక్కదాన్నే ఉన్నాను" అనడానికి కూడా అదే మాట. సాయం లేకపోవడం, తోడు లేకపోవడం రెండూ అందులో ఉన్నాయి. ఆవాలు దంచి ఇచ్చిన తోడికోడలు ఈ మాట వింటే నొచ్చుకోవడం న్యాయం.

ఎవరూ చెప్పకుండానే "నా అంతట నేనే వెళ్ళాను" అనేది నాలుగవది. దీనికి "బై మైసెల్ఫ్" వాడితే ఒంటరిగా వెళ్ళానని అర్థమవుతుంది, నా ఇష్టప్రకారం వెళ్ళానని కాదు. "ఆన్ మై ఓన్" కూడా ఒంటరితనం వైపే లాగుతుంది. "నోబడీ ఆస్క్డ్ మీ టు" అని విడిగా చెప్పడం మేలు.

మీరు పచ్చడి అర్థంలో చెప్పదలచి, పెళ్ళివంట అర్థం వచ్చే మాట వాడారు. పుస్తకం తప్పు చెప్పలేదు, "బై మైసెల్ఫ్" మంచి ఆంగ్లమే. మీ సంగతి అది కాదు, అంతే. మీరు చెప్పవలసినది ఇలా ఉండవచ్చు: "వి బిల్ట్ ఇట్ అవర్‌సెల్వ్స్, ది ఫోర్ ఆఫ్ అస్. ఐ డిడ్ ది డేటాబేస్ పార్ట్." మొదటి వాక్యంలో "అవర్‌సెల్వ్స్" కొనలేదన్న మాట చెబుతుంది, నలుగురన్న మాట తోటివారిని నిలబెడుతుంది. రెండవ వాక్యంలో "మైసెల్ఫ్" లేదు చూడండి. "ఐ" ని కొంచెం ఒత్తితే చాలు. ఆ భాగంలో నిజంగా ఎవరూ చేయి పెట్టకపోతే అప్పుడు చివర "బై మైసెల్ఫ్" చేర్చవచ్చు, "ఓన్లీ" లేకుండా.

డబ్లిన్ తెలుగువాడు

చర్చ బాగా సాగుతోంది కానీ నాకు కొంత అభ్యంతరం ఉంది. నేను ఐర్లండులో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ పుట్టి పెరిగిన మా కార్యాలయం వారు ఉత్తరాల్లో "ప్లీజ్ కాంటాక్ట్ జాన్ ఆర్ మైసెల్ఫ్" అని రోజూ రాస్తారు. అక్కడ "మీ" ఉండాలని పుస్తకాలు చెబుతాయి, మాస్టారి లెక్కలో అది సంతకం లేని చెక్కు. మా పక్కింటి పెద్దావిడను పలకరించడానికి వచ్చిన వాళ్ళు ఆమె భర్త గురించి "ఈజ్ హిమ్‌సెల్ఫ్ ఇన్?" అని అడుగుతారు. ఆ వాక్యంలో "హిమ్‌సెల్ఫ్" వెనక్కి చూడడానికి ఎవరూ లేరు. అది ఈ దేశపు ఆంగ్లంలో పాతుకుపోయిన వాడుక, దాన్ని ఎవరూ తప్పనరు. కాశ్మీరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడిగా పనిచేసిన బ్రజ్ కచ్రు, భారతీయుల ఆంగ్లాన్ని తప్పుల మూటగా కాక ఒక భాషారూపంగా చూడాలని జీవితమంతా వాదించారు. ఐర్లండువారికి "హిమ్‌సెల్ఫ్" చెల్లితే మనకు "మైసెల్ఫ్ రవి" ఎందుకు చెల్లకూడదు? కోట్ల మంది అంటున్నారు, కోట్ల మందికి అర్థమవుతోంది.

విశ్రాంత మాస్టారు, తెనాలి

మీ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని తేలికగా తీసివేయను. మీ కార్యాలయం వారు రాసే వాక్యం గురించి ఒక తేడా చెబుతాను. వాళ్ళు "కాంటాక్ట్ మైసెల్ఫ్" అని రాయరు. రెండు పేర్లు పక్కపక్కన వచ్చినప్పుడే "ఐ" అనాలో "మీ" అనాలో తేలక "మైసెల్ఫ్" వెనుక దాక్కుంటారు. వాక్యానికి క్రియ ఉంటుంది, నడక ఉంటుంది. "మైసెల్ఫ్ రవి" లో క్రియే లేదు. రెండూ ఒకే రకం తప్పులు కావు.

చెల్లుబాటు సంగతి వేరు. మన దేశంలో మనవాళ్ళ మధ్య అది చెల్లుతోంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఐర్లండులో "హిమ్‌సెల్ఫ్" అన్నవారిని అక్కడి ఉపాధ్యాయులూ పెద్దలూ తమ మాటగా స్వీకరించారు. మన దగ్గర ఆంగ్లం బాగా వచ్చినవారు, పత్రికల్లో రాసేవారు "మైసెల్ఫ్ రవి" అనరు. వాళ్ళు "ప్రీపోన్" అంటారు, దాన్ని మనదిగా ఒప్పుకున్నారు. దీన్ని ఒప్పుకోలేదు. అందుకే నా విద్యార్థికి నేను దీన్ని మానుకోమనే చెబుతాను.

డబ్లిన్ తెలుగువాడు

అంటే బాగా చదువుకున్నవారు ఒప్పుకుంటేనే అది భాష అన్నట్లు అవుతోంది, మాస్టారూ. ఆ కొలతతో నేను ఏకీభవించలేను. శ్రావణి గారి ఇంటర్వ్యూ వరకు మీ సలహా సరైనదే.

వనజ, వరంగల్లు

డబ్లిన్ గారు చెప్పిన "హిమ్‌సెల్ఫ్" చదవగానే మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఎవరైనా వచ్చి నాన్నగారి కోసం అడిగితే "తను ఊళ్ళో లేరు" అనేది. పేరు చెప్పకూడదు కాబట్టి "తను". ఆలోచిస్తే ఆ మాట కూడా వెనక్కి చూసేదే కదా. "రవి తన పుస్తకం తీసుకున్నాడు" అంటే రవి పుస్తకమే. అమ్మ వాక్యంలో వెనుక ఎవరూ లేరు, అయినా ఇంటికి వచ్చినవారికి ఎవరో తెలుసు.

తేటతెలుగు

వనజ గారూ, అమ్మగారి వాడుక ముచ్చటగా ఉంది. కానీ ఈ మధ్య "తను" ని ఎక్కడ పడితే అక్కడ వాడుతున్నారు. "నిన్న దివ్య కనిపించింది, తను చాలా చిక్కిపోయింది" అని రాస్తున్నారు. "ఆమె" అనవలసిన చోట "తను" ఎందుకు? "తాను రేపు వస్తానని రవి చెప్పాడు" అన్నప్పుడు ఆ మాటకు ఒక పని ఉంది, వచ్చేది రవే అని తేల్చి చెబుతుంది. "అతను రేపు వస్తాడని రవి చెప్పాడు" అంటే వచ్చేవాడు వేరొకడు. ఇంత చక్కని తేడాను మనమే చెరిపేసుకుంటున్నాము.

వనజ, వరంగల్లు

మా పిల్లలు "ఆమె" అంటే దూరంగా, "అది" అంటే అమర్యాదగా ఉంటుందని "తను" అంటారు. సమవయస్కురాలిని చనువుగానూ గౌరవంగానూ చెప్పడానికి వాళ్ళకు మరో మాట లేదు. నేను దాన్ని తప్పుగా దిద్దలేకపోతున్నాను.

రమణ, విజయనగరం

మొదట నేను ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకున్నాను, మన్నించాలి. ఇప్పుడు ఒక నిజమైన సందేహం అడుగుతాను. మాస్టారు "కొను" గురించి చెప్పారు కదా. తెలుగులో "కొను" వచ్చిన ప్రతి చోటా ఆంగ్లంలో "సెల్ఫ్" పెట్టవచ్చునా? మా మనవడికి అలా గుర్తు చెబుదామని అనుకుంటున్నాను.

విశ్రాంత మాస్టారు, తెనాలి

చెప్పకండి రమణ గారూ, ఆ గుర్తు సగం దూరమే తీసుకుపోతుంది. "తిట్టుకున్నాను", "కోసుకున్నాను" వరకు బాగానే ఉంటుంది. కానీ "నేర్చుకున్నాను" అన్నదానికి "ఐ లర్న్‌డ్" చాలు, "గడ్డం గీసుకున్నాను" అన్నదానికి "ఐ షేవ్‌డ్" చాలు. "పెళ్ళి చేసుకున్నాను" కు "మైసెల్ఫ్" చేరిస్తే అర్థమే చెడుతుంది. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. "విందులో బాగా ఆనందించాను" అన్నప్పుడు మనకు "కొను" లేదు, ఆంగ్లంలో మాత్రం "ఐ ఎంజాయ్‌డ్ మైసెల్ఫ్" అనాలి. మనవాళ్ళు అక్కడ "ఐ ఎంజాయ్‌డ్ ఎ లాట్" అని ఆపేస్తారు. కావలసిన చోట వదిలేసి, అక్కరలేని పరిచయంలో పెడుతున్నాము.

"ఓన్లీ" కి మాత్రం ఒక గుర్తు పనికివస్తుంది. తెలుగు వాక్యంలో ఏకారం తీసి "మాత్రమే" పెట్టి చూడమనండి. "నా దగ్గర పది రూపాయలే ఉన్నాయి" అన్నా "పది రూపాయలు మాత్రమే ఉన్నాయి" అన్నా ఒకటే, అక్కడ "ఓన్లీ" పెట్టవచ్చు. "నేను ఇక్కడే ఉంటాను" అన్నదాన్ని "ఇక్కడ మాత్రమే ఉంటాను" అని మారిస్తే వాక్యం వేరే అయిపోతుంది, అక్కడ "ఓన్లీ" వద్దు. "నేనే చేశాను", "నేను మాత్రమే చేశాను" కూడా అలాంటి జంటే.

నియామకాల మనిషి, హైదరాబాదు

ఆ గుర్తు అన్ని చోట్లా నిలవదు, మాస్టారూ. "నిన్ననే కలిశాను" లో "మాత్రమే" పెడితే అర్థం చెడుతుంది, అయినా ఆంగ్లంలో "ఐ మెట్ హిమ్ ఓన్లీ యెస్టర్‌డే" అనడం మంచి వాడుకే.

విశ్రాంత మాస్టారు, తెనాలి

నిజమే. కాలాన్ని చెప్పే మాటల దగ్గర, ఇంత ఈ మధ్యనే అనే అర్థంలో, ఆ గుర్తు పనిచేయదు. దిద్దినందుకు కృతజ్ఞతలు. అక్కడ కూడా మాట ముందు పెట్టాలి, మనలాగా "యెస్టర్‌డే ఓన్లీ" అని వెనుక కాదు.

శ్రావణి, కాకినాడ

ఈ రోజు రెండవ నమూనా ఇంటర్వ్యూ జరిగింది. మళ్ళీ "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనే అడిగారు. ప్రశ్నలోని చివరి మాటను అందుకోకుండా ఒక్క క్షణం ఆగి "గుడ్ మార్నింగ్, ఐ యామ్ శ్రావణి" అన్నాను. ఆగిన ఆ క్షణంలో నాలుక మీద "మైసెల్ఫ్" నిజంగానే సిద్ధంగా ఉంది, కాబట్టి మాస్టారు చెప్పిన కారణం నా వరకు నిజం. ప్రాజెక్టు దగ్గర "వి బిల్ట్ ఇట్ అవర్‌సెల్వ్స్" అని చెప్పి నలుగురి పనినీ విడివిడిగా చెప్పాను. ఈసారి అడిగిన తరువాతి ప్రశ్న డేటాబేస్ పట్టికల గురించి వచ్చింది, స్నేహితుల గురించి రాలేదు.

ఇంకొకటి మిగిలింది. సాయంత్రం ఒక సంస్థ నుంచి ఫోను వచ్చి "మే ఐ స్పీక్ టు శ్రావణి?" అన్నారు. "నేనేనండి, మాట్లాడుతున్నాను" అన్న మన వాక్యమే మనసులోకి వచ్చి "మైసెల్ఫ్ ఓన్లీ స్పీకింగ్" అనేశాను. అక్కడ ఏమనాలి?

నియామకాల మనిషి, హైదరాబాదు

"స్పీకింగ్" అంటే చాలు శ్రావణి గారూ. ఇంకొంచెం నిండుగా కావాలంటే "యెస్, దిస్ ఈజ్ శ్రావణి" అనండి. ఫోనులో మాత్రం "ఐ యామ్" కంటే "దిస్ ఈజ్" సహజంగా వినబడుతుంది.